అక్కకు రాసిన ఉత్తరం

శ్రోతలకు నమస్కారం. నేను ఒక ఉన్నత పాఠశాలలో లెక్కల టీచర్ని. ఆ మధ్య స్టాఫ్‌రూమ్‌లో నా పక్కన కూర్చునే తెలుగు టీచరక్కకు ఒక ఉత్తరం రాశాను. పక్కనే ఉన్న మనిషికి ఉత్తరమేమిటంటారా? నోటితో అడిగితే, "నువ్వు బాగానే చెప్తావులే" అని తేల్చేస్తారు. అందుకే కాగితం మీద పెట్టాను. వినండి.

"అక్కా, బుధవారం మూడో పీరియడ్ మీకు ఖాళీ కదా, నా ఆరో తరగతికి రండి. భిన్నాలు చెప్తున్నాను. లెక్క తప్పో ఒప్పో మీరు చూడక్కర్లేదు. వెనక బెంచీలో కూర్చుంటే నా ముఖమే కనిపిస్తుంది, పిల్లల వీపులు కనిపిస్తాయి. అందుకని బోర్డు పక్కన, కిటికీ దగ్గర కూర్చోండి. సోమవారం కూడా ఒకసారి ఊరికే వచ్చి వెళ్లండి. కొత్త మనిషిని చూస్తే పిల్లలు బిగుసుకుపోతారు.

ఒక కాగితం మీద బెంచీలు గీసుకోండి. జవాబు చెప్పిన పిల్లల చోట గీత పెట్టండి. అందరూ కలిసి అరిచిన జవాబుకు గీత వద్దు. ప్రశ్న అడిగాక నేను మళ్లీ నోరు తెరిచేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో పక్కన వెయ్యండి. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో తరగతుల టేపులు విని, టీచర్లు సగటున 1 సెకను మాత్రమే ఆగుతున్నారని గమనించారు. 3 సెకన్లు ఆగితే జవాబులు పొడుగయ్యాయట, నోరు విప్పే పిల్లలు పెరిగారట. నేనెంత ఆగుతున్నానో నాకు తెలియదు.

బాగుంది, బాగాలేదు అని రాయకండి. విన్న మాట విన్నట్టే రాయండి. ఆ సాయంత్రమే పది నిమిషాలు కూర్చుందాం."

అక్క వచ్చారు. సాయంత్రం టీ తాగుతూ, ఏమీ అనకుండా కాగితం నా ముందుకు జరిపారు. నేనడిగిన ప్రశ్నలు 18. వాటిలో 13 జవాబులు ముందు బెంచీలోని నలుగురివే. కిటికీ వైపు వరుసలో ఒక్క గీత కూడా లేదు. సెకన్ల దగ్గర అన్నీ ఒకట్లే. రెండు చోట్ల సున్నా. అంటే నా ప్రశ్నకు నేనే జవాబు చెప్పేసుకున్నానన్నమాట! "అర్థమైందా?" అని 9 సార్లు అడిగానట. ఆ లెక్క నేను అడగలేదు, అక్కే వేశారు. కాస్త ఉడుక్కున్నాను కూడా.

మర్నాడు బోర్డు మీద 1/3, 1/4 రాసి ఏది పెద్దదని అడిగాను. ముందు బెంచీలో చేతులు లేచాయి. వాళ్లను ఆగమని మనసులో ఐదు లెక్కపెట్టాను. ఆ ఐదూ ఎంత పొడుగో! చివరికి కిటికీ వరుసలోంచి ఒక పాప మెల్లగా, "1/4 టీచర్" అంది.

"ఎందుకమ్మా?"

"మూడు కంటే నాలుగు పెద్దది కదా."

ఇంకెవరు అలా అనుకుంటున్నారని అడిగితే సగం తరగతి చేతులెత్తింది. భిన్నాలు మొదలుపెట్టి అప్పటికి ఐదు రోజులు. పాఠం ఆపి, తలా రెండు కాగితం పట్టీలిచ్చి, ఒకటి మూడు మడతలు, ఒకటి నాలుగు మడతలు పెట్టమన్నాను.