ఉద్యోగం పోయిన మూడు వారాలకు రాసిన పరిచయం
(పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం, హైదరాబాద్, 2025 ఫిబ్రవరి)

అందరికీ నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దలకూ, మన మాస్టర్లకూ, కింద నన్ను చూసి నవ్వుతున్న మా బ్యాచ్ వాళ్లకూ. పేర్లన్నీ చదివితే భోజనాల టైమైపోతుంది, క్షమించండి.

నన్ను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను. కానీ ముందు ఒక చిన్న పేచీ ఉంది. ఇప్పుడే సెక్రటరీ గారు నా పరిచయం చదివారు. "ప్రస్తుతం స్వల్ప విరామంలో ఉన్నారు" అన్నారు. నేను పంపిన కాగితంలో ఆ మాట లేదు. ఆయన మంచి మనసుతోనే మార్చారని తెలుసు. అన్నా, మీ మీద కోపం లేదు. కానీ నేను విరామంలో లేను. జనవరి 17న నా ఉద్యోగం పోయింది.

చూశారా, హాలు ఎంత నిశ్శబ్దమైపోయిందో.

ఈ పరిచయం రాయడానికి నాకు నాలుగు రాత్రులు పట్టింది. మొదట రాసింది ఇది: "పందొమ్మిదేళ్ల అనుభవం గల టెస్టింగ్ నిపుణుడు. కొత్త అవకాశాల అన్వేషణలో ఉన్నారు." మా ఆవిడకు చదివి వినిపించాను. "పెళ్లిచూపుల బయోడేటాలో 'సాఫ్ట్‌వేర్, హైటెక్ సిటీ' అని రాస్తారే, అలా ఉంది. కంపెనీ పేరు ఎందుకు లేదో అని మా నాన్న అనుమానపడేవాడు" అంది. ఎక్కడ, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అన్నది లేకపోతే చదివేవాడి కన్ను ముందు అక్కడికే పోతుంది.

రెండోసారి అటు నుంచి ఇటు దూకాను. "దురదృష్టవశాత్తు సంస్థ పునర్వ్యవస్థీకరణలో ఉద్యోగం కోల్పోయారు. దీనికి ఆయన పనితీరుతో ఎలాంటి సంబంధం లేదు." అడగని ప్రశ్నకు జవాబు అది. పనితీరు అన్న మాట చదివేవాడి తలలోకి తెచ్చింది నేనే కదా!

ఇక్కడ నా పాపం ఒకటి చెప్పుకోవాలి. ఇది టెస్టింగ్ ప్రసంగంలో లేదు, అయినా వినండి. కొన్నేళ్ల కిందట నేను ఇంటర్వ్యూ ప్యానెల్‌లో కూర్చునేవాడిని. ఒకతను వచ్చాడు. రెజ్యూమెలో చివరి ఐదు నెలలకు "ఫ్రీలాన్స్ కన్సల్టెంట్" అని ఉంది. క్లయింట్ ఎవరని అడిగాను. చిన్న సంస్థ అన్నాడు. ఏం టెస్ట్ చేశారన్నాను. బిల్లింగ్ అన్నాడు. ఇన్‌వాయిస్ ఎవరి పేరు మీద ఇచ్చారన్నాను. అతను మంచినీళ్లు తాగి, "మా బావమరిది మందుల షాపు సార్" అన్నాడు. పక్కనున్నాయన నవ్వాడు. నేనూ నవ్వాను. అతనికి సబ్జెక్టు బాగా వచ్చు, ముందు నలభై నిమిషాలు చక్కగా చెప్పాడు. ఆ ఒక్క లైను వల్ల మిగతా లైన్లను కూడా అనుమానించి వద్దన్నాం. ఆ ఐదు నెలలు ఖాళీగా వదిలేసి, పాత ఉద్యోగం ఏ నెలలో అయిపోయిందో రాసి ఉంటే, మేం ఒక ప్రశ్న అడిగి ముందుకు పోయేవాళ్లం. జనవరి 17 రాత్రి నాకు గుర్తొచ్చింది అతని చేతిలోని మంచినీళ్ల గ్లాసు.

తేదీలు దాచడం గురించి చెబుతాను. పీఎఫ్ ఉన్న ఉద్యోగం చేసినవాళ్లందరికీ యూఏఎన్ నంబరు ఉంటుంది. దానిలో సర్వీస్ హిస్టరీ అనే పేజీలో మీరు ఎప్పుడు చేరారో, ఎప్పుడు బయటికొచ్చారో ఉంటుంది. కొత్త కంపెనీ వెరిఫికేషన్ వాళ్లు రిలీవింగ్ లెటర్‌తో పాటు దాన్నీ అడగడం ఇప్పుడు మామూలే. మా టీమ్ అమ్మాయి ఒకామె చివరి రోజు అయిపోయిన రెండు నెలల దాకా రెజ్యూమెలో "ఇప్పటి వరకు" అనే ఉంచింది. అబద్ధమాడాలని కాదు, మార్చడానికి మనసొప్పలేదు. ఆఫర్ వచ్చాక వెరిఫికేషన్‌లో తేదీలు కలవలేదు. ఆఫర్ వెనక్కి తీసుకున్నారు. ఖాళీ రెండు నెలలేనమ్మా! దాన్ని ఎవరూ తప్పు పట్టేవారు కాదు.

నోటీసు పీరియడ్‌లో ఉండి జీతం వస్తున్నంత కాలం "ఇప్పటి వరకు" అని రాయడంలో తప్పు లేదు, అది నిజమే. చివరి పనిదినం మర్నాడు మార్చేయాలి. నెలలు కూడా రాయండి. "2022–2023" అని సంవత్సరాలే వేస్తే అది రెండేళ్లూ కావచ్చు, రెండు నెలలూ కావచ్చు. ప్యానెల్‌లో కూర్చున్నవాడికి ఆ ఎత్తు తెలుసు, నాకు తెలుసు కదా. ఆన్‌లైన్‌లో వింటున్న అమెరికా వాళ్లకూ ఒక మాట: హెచ్‌1బీ వీసా మీద ఉంటే, ఉద్యోగం ముగిసిన మర్నాటి నుంచి అక్కడ ఉండటానికి గరిష్ఠంగా 60 రోజులే. దేశంలో ఉండటానికి ఇచ్చిన అనుమతి గడువు అంతకన్నా ముందే అయిపోతే అప్పటిదాకానే. మీ చివరి తేదీ మీకు అలంకారం కాదు.

రాసే ముందు రిలీవింగ్ లెటర్ పక్కన పెట్టుకోండి. చాలా చోట్ల మన చేత రాజీనామా పెట్టించి, లెటర్‌లో "రాజీనామా ఆమోదించాం" అని రాస్తారు. అలాంటప్పుడు పరిచయంలో తేదీ రాస్తే చాలు. అడిగితే, కంపెనీ అడిగినందుకు రాజీనామా ఇచ్చానని చెప్పండి.

మన తెలుగులో ఇంకో చిక్కుంది. "టీమ్‌ను నడిపేవాడిని" అని రాశాను మూడోసారి. చదివితే నేను చచ్చిపోయినట్టుంది. "జమీందారీ ఉండేది" అన్నట్టు! "నడిపాను" అని మార్చాను. ఒక్క క్రియ మారింది, ఏడుపు పోయింది. తర్వాత "నన్ను తీసేశారు" అన్న వాక్యం. నిజమే, కానీ మా విషయంలో మొత్తం విభాగాన్నే మూసేశారు, కాబట్టి అదే రాశాను. మీ విభాగం ఉండి, మీరు, మరికొందరు మాత్రమే పోయుంటే అలా రాయకండి. "జనవరి లేఆఫ్‌లో ఉద్యోగం పోయింది" చాలు. ఆ మాటకు ముందు ఒకటి, వెనక ఒకటి విశేషణం తగిలించక్కర్లేదు. అది పరిచయంలో మొదటి వాక్యం కూడా కానక్కర్లేదు. పని ముందు, పోవడం తర్వాత, ఇప్పుడేం కావాలో ఆఖర్న.

నా టైము అయిపోయిందని సెక్రటరీ గారు చీటీ పంపారు. టెస్టింగ్ గురించి ఇంకా మొదలే పెట్టలేదు. పర్లేదు, స్లైడ్లు పంపిస్తాను. అన్నా, సావనీరులో ఇది వేయించండి, నేను పంపింది పంపినట్టు:

"2016 జూన్ నుంచి 2025 జనవరి వరకు ఒక బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేశాను. చివరి నాలుగేళ్లు తొమ్మిది మంది టెస్టింగ్ టీమ్‌ను నడిపాను. ప్రతి నెలా ఖాతాల నుంచి ఈఎంఐలు కట్ అయ్యే ప్రోగ్రాం మా చేతిలో ఉండేది. దాన్ని మార్చిన ప్రతిసారీ మొత్తం పరీక్షించడానికి మూడు రోజులు పట్టేది, ఒక్క రోజుకు తెచ్చాం. జనవరిలో కంపెనీ ఆ విభాగాన్ని మూసేసింది. హైదరాబాద్‌లో టెస్ట్ లీడ్ ఉద్యోగం చూస్తున్నాను. వెంటనే చేరగలను."

"చేతిలో ఉండేది" అన్నది అలాగే ఉంచానని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతోంది. అది మాత్రం ఇక నా చేతిలో లేదు కదా, అక్కడ ఆ క్రియే కరెక్టు.