పెద్ద కార్డులు ఎక్కువొస్తే, చిన్న కార్డులు ఎక్కువొస్తే

శ్రోతలందరికీ నమస్కారం.

టారో కార్డులు పరిచినప్పుడు నన్ను ఎక్కువమంది అడిగే మాటలు రెండున్నాయి. ఒకటి, "ఇన్ని పెద్ద కార్డులొచ్చాయేంటండీ, ఏమన్నా జరగబోతోందా?" రెండోది, "అన్నీ చిన్నవే వచ్చాయి, అంటే నా సమస్య సమస్యే కాదా?" ఈ రెండూ టెన్షన్‌తో అడిగే మాటలే. ఇవాళ వాటి గురించే చెబుతాను.

కట్టలో మొత్తం 78 కార్డులు. అందులో 22 మేజర్ ఆర్కానా, అంటే పెద్ద కార్డులు. మిగిలిన 56 మైనర్ ఆర్కానా, అంటే చిన్నవి. మైనర్‌లో నాలుగు గుంపులు. కప్స్ అంటే మనసు, స్వోర్డ్స్ అంటే ఆలోచన, గొడవ. వాండ్స్ అంటే పని, పట్టుదల. పెంటకిల్స్ అంటే డబ్బు, భూమి, ఒళ్లు. 15వ శతాబ్దంలో ఇటలీలో ఇవి ఆట ముక్కలు. జోస్యానికి వాడకం 18వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో బాగా మొదలైంది. ఆటలో ఒక్కటి తప్ప ఈ పెద్ద కార్డులన్నీ తురుపు ముక్కలు. మిగతా ఏ ముక్కనైనా అవి కొట్టేస్తాయి. చదివేవాళ్లు వాటికి ఎక్కువ బరువివ్వడం ఆ అలవాటుకు తగ్గట్టే ఉంది.

మన డెల్టా వాళ్లకి తేడా ఇలా చెబితే సరిపోతుంది. గోదావరికి వరదొస్తే ధవళేశ్వరం దగ్గర గేట్లెత్తి కిందికి వదలడమే, మన చేతిలో పెద్దగా ఏమీ ఉండదు. అదే పంట కాలువ నీరైతే తూము తీసుకోవచ్చు, మూసుకోవచ్చు. పెద్ద కార్డులు ఎక్కువొస్తే మన చేయి దాటిన మలుపు గురించి అని చదువుతాం. చిన్నవి ఎక్కువొస్తే మన తూము దగ్గర పని ఉందని చదువుతాం.

నాకిష్టమైన ఒక ఉదాహరణ చెప్పనివ్వండి. భీమవరం వైపు ఒక ఊళ్లో నేను పిన్ని అని పిలిచే ఒకావిడ ఉన్నారు. భర్త పోయాక రెండెకరాల వరి చేను ఆవిడే చూసుకుంటున్నారు. చుట్టుపక్కల చేలన్నీ రొయ్యల చెరువులైపోయాయి. పక్క చెరువు ఉప్పు నీరు ఊటగా దిగి, గట్టు వెంబడి వరి ఎర్రబడుతోంది. "నేనూ చెరువుకి లీజుకిచ్చెయ్యనా, చేనుగానే ఉంచనా?" అని ఆవిడ ప్రశ్న. కెల్టిక్ క్రాస్ అనే పది కార్డుల పద్ధతిలో పరిచాను.

ఇప్పటి స్థితి దగ్గర టూ ఆఫ్ స్వోర్డ్స్ పడింది. కళ్లకు గంతలు కట్టుకుని రెండు కత్తులు అడ్డంగా పట్టుకున్న ఆడమనిషి. దానికి అడ్డంగా ఫైవ్ ఆఫ్ వాండ్స్, అయిదుగురు కర్రలతో కలబడుతున్న బొమ్మ. గడిచినదాని చోట ఫైవ్ ఆఫ్ కప్స్, ఒలికిపోయిన గిన్నెల ముందు నల్లబట్టల మనిషి. పునాదిలో సెవెన్ ఆఫ్ పెంటకిల్స్, పారకు ఆనుకుని పంట వైపు చూస్తున్న రైతు. రాబోయేదాని చోట త్రీ ఆఫ్ పెంటకిల్స్. ఆవిడ చోట క్వీన్ ఆఫ్ పెంటకిల్స్. ఆశించేదాని చోట టెన్, చుట్టూ ఉన్నవాళ్ల చోట టూ, అవీ పెంటకిల్సే. చివర సిక్స్ ఆఫ్ స్వోర్డ్స్, పడవ.

పదింటిలో ఒక్కటే పెద్ద కార్డు. ఆశలూ భయాల చోట మూన్ పడింది. ఆ బొమ్మలో చంద్రుడి కింద రెండు జంతువులు మొరుగుతుంటాయి, నీళ్లలోంచి ఒక జీవి గట్టెక్కుతుంటుంది. పిన్ని ముందుకు వంగి దాని మీద వేలు పెట్టి, "ఏమ్మా, ఇది రొయ్యా?" అన్నారు. "అలాంటిదే పిన్నీ" అన్నాను. అప్పుడు చెప్పారు అసలు మాట. చేను ఒకసారి చెరువైతే మళ్లీ చేను కాదేమోనని ఆవిడ భయం.

ఇలాంటి స్ప్రెడ్‌ని ఎలా చదవాలి? వరద సూచన లేదు. ఉన్న ఒక్క పెద్ద కార్డూ ఆవిడ భయం మీద కూర్చుంది, జరగబోయేదాని మీద కాదు. పదిలో అయిదు పెంటకిల్స్, అంటే భూమీ, డబ్బూ, కాగితాలూ. త్రీ ఆఫ్ పెంటకిల్స్‌లో పనివాడి పక్కన నక్షా పట్టుకుని ఇద్దరు నిలబడి ఉంటారు. కాబట్టి తెలిసినవాళ్లను పిలవమని చెప్పాను. ముందు మట్టిలో ఉప్పు ఎంతుందో పరీక్ష చేయించాలి. లీజు ఇస్తే, గడువయ్యాక గట్లు తీసి నేల చదును చేసే ఖర్చెవరిదో రాతలో ఉండాలి. పక్క చెరువు వాళ్లతో మధ్యలో ఊట కాలువ గురించి మాట్లాడాలి. ఇవేవీ చిన్న పనులు కావు. చిన్న కార్డు అంటే చిన్న కష్టం అని కాదు, చేతికందే కష్టం అని.

అదే ప్రశ్నకు ఆరు పెద్ద కార్డులు, టవర్, డెత్, జడ్జిమెంట్ లాంటివి, పడి ఉంటే నేను లీజు మాటే ఎత్తేదాన్ని కాదు. ఆవిడ అడుగుతున్నది చేను గురించి కాదేమో, ఆయన పోయాక తన బతుకెలా ఉండాలని అడుగుతున్నారేమో అనుకుని, ముందు దాని గురించి మాట్లాడించేదాన్ని. డెత్ కార్డు చావు అని చెప్పదు, ఒకటి ముగిసిందని చెబుతుంది. పెద్ద కార్డులు చూపించి దోషం ఉందనీ, డబ్బు కట్టి శాంతి చేయించాలనీ ఎవరైనా అంటే, దయచేసి అక్కడి నుంచి లేచి వచ్చేయండి. కార్డులకు భవిష్యత్తు ముందే తెలుసనడానికి రుజువు లేదు. మన మాట మనం వినడానికి అవి పనికొస్తాయి, నేను వాటిని నమ్మేది అంతవరకే.

ఇంతకీ "ఎక్కువ" అంటే ఎన్ని? ఇది గట్టిగా పట్టుకోండి. 78లో 22 అంటే, పది కార్డులు తీస్తే సగటున దాదాపు మూడు పెద్దవి రావాలి. నూటికి 70కి పైగా సార్లు రెండో, మూడో, నాలుగో వస్తాయి. అది మామూలే, దానికి అర్థం వెతకక్కర్లేదు. ఆరూ ఆపైన రావడం నూటికి రెండు మూడు సార్లే. ఒక్కటి కూడా రాకపోవడమూ దాదాపు అంతే అరుదు. పిన్నికి వచ్చినట్టు ఒక్కటే రావడం మాత్రం అంత అరుదేం కాదు. మూడు కార్డుల స్ప్రెడ్ అయితే నూటికి 36 సార్లు ఒక్క పెద్ద కార్డూ రాదు. అక్కడ "అన్నీ చిన్నవే" అన్న మాటకు బరువు లేదు. మూడూ పెద్దవే పడితే మాత్రం ఆగి చూడండి. అలా నూటికి రెండుసార్లే వస్తుంది.

లెక్క పెట్టేముందు ఇంకొకటి చూడాలి. కొత్త కట్టల్లో చాలావాటిలో పెద్ద కార్డులన్నీ వరసగా ఒకే చోట ఉంటాయి. టారో కార్డులు పేకముక్కల కంటే పెద్దవి, చేతిలో సరిగా కలవవు. నాలుగుసార్లు అటూ ఇటూ మార్చి పరిస్తే ఆ గుంపే కట్టగట్టుకుని బయటికొస్తుంది. 14 నంబరు టెంపరెన్స్, 15 డెవిల్, 16 టవర్ పక్కపక్కనే పడితే, అది మీ జీవితంలో మలుపు కాకపోవచ్చు, కట్ట కలవకపోవడం కావచ్చు. అలాంటప్పుడు ఆ స్ప్రెడ్ చదవకండి. కార్డులన్నీ బోర్లించి చాప మీద పరిచి, రెండు చేతులతో ఒకటి రెండు నిమిషాలు బాగా కలియతిప్పి, మళ్లీ కట్టగా పేర్చి, అప్పుడు తీయండి.