నలభై వరసల నోటుబుక్కు

అందరికీ నమస్కారం.

పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగం కోసం తిరుగుతున్న ఒక ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అమ్మాయిని అనుకుందాం. ఊరు బొబ్బిలి. ఆరు నెలలుగా రానివ్వని తలుపులే. "నాకే ఏదో లోపం" అనుకుంటోంది. లోపం ఎక్కడుందో నోటుబుక్కు చెబుతుంది, దరఖాస్తులన్నీ అందులో రాసుకుంటే.

ఒక్కో దరఖాస్తుకు ఒక్కో వరస. తేదీ, కంపెనీ, ఎవరి ద్వారా, ఏ రెజ్యూమె, ఎక్కడ ఆగింది, మళ్లీ ఎప్పుడు అడగాలి, దారి ఖర్చు. ఇంతే. ఇరవై గడులు పెట్టుకుంటే రెండో వారానికే మానేస్తారు.

ఈ అమ్మాయి నోటుబుక్కులో 40 వరసలున్నాయి. 28 చోట్ల జవాబు లేదు, 12 చోట్ల పిలిచారు. ఆ పన్నెండూ టెక్నికల్ రౌండులోనే ఆగాయి. అంటే రెజ్యూమె పనిచేస్తోంది, ఇంకా దరఖాస్తులు పెంచడం దండగ. అదే 40కి ఒక్క పిలుపే వచ్చి ఉంటే రెజ్యూమెనో, పంపే దారినో మార్చాలి. పదో పన్నెండో వరసలు చూసి మాత్రం ఏ నిర్ణయానికీ రాకండి.

"ఎక్కడ ఆగింది" గడిలో తడబడ్డ ప్రశ్న కూడా రాయాలి, ఆ రోజే. ఆమెకి మూడు చోట్ల ఒకే ప్రశ్న పడింది: మందులో ఏది ఎంత ఉందో కొలిచే హెచ్‌పీఎల్‌సీలో సిస్టమ్ సూటబిలిటీ ఎందుకు? శాంపిల్ పెట్టేముందు స్టాండర్డ్‌ని వరసగా ఐదారుసార్లు ఇంజెక్ట్ చేసి, ఫలితాలు ఒకదానికొకటి దగ్గరగా వస్తున్నాయో లేదో చూస్తారు. ఇది ఆమెకి తెలుసు. నోరు తిప్పి చెప్పలేకపోయింది, అంతే.

కాబట్టి వారం మారింది. సోమ, గురువారాలు ఉదయం మూడు గంటలు దరఖాస్తులు, మొత్తం ఆరు దాటవు. మంగళ, శుక్రవారాలు ఆ ప్రశ్నలకి రెండేసి నిమిషాల్లో గట్టిగా జవాబు చెప్పి, ఫోనులో రికార్డు చేసుకుని వినాలి. బుధవారం పాత వరసలకు ఫోన్లు. శనివారం సాయంత్రం అరగంట నోటుబుక్కు చదవడం. ఆదివారం వాకిన్ ఉంటే సోమవారం సెలవు, ఆ పని మంగళవారానికి జరపాలి. బస్సులో వెళ్లి వరసలో నిలబడి వచ్చిన ఒంటికి ఆ రోజు కావాలి.

రాత్రి పడుకునేముందు ఓపికకి ఒకటి నుంచి ఐదు దాకా మార్కు వేసుకోండి. వరసగా రెండు రోజులు రెండు గానీ అంతకు తక్కువ గానీ పడితే, మర్నాడు ఫోన్లు మాత్రమే. కాదన్న రోజు సాయంత్రం దరఖాస్తు పంపకండి. ఆ ఉక్రోషంలో ఏ ఉద్యోగానికైనా, ఏ రెజ్యూమె అయినా వెళ్లిపోతుంది.

ఇంకొకటి, నాకు చాలా ముఖ్యంగా తోచేది. జవాబు రాని వరసలు మనసుని పట్టి లాగుతుంటాయి. 14 రోజులు చూసి ఒకసారి అడగండి. ఇంకో 7 రోజులు చూసి గీత కొట్టేయండి. ఆ కంపెనీ తర్వాత పిలిస్తే కొత్త వరస రాసుకుందురు గాని.