గొంతు ముందు, మ్యూజిక్ తర్వాత: వీడియో సౌండ్ లెవెల్స్ సెట్ చేసే పద్ధతి

నమస్కారం అండి. ఈ రోజు ఒకే ఒక్క వీడియో తీసుకుని దాని సౌండ్ మొత్తం సరిచేద్దాం. మన విశాఖ ఫిషింగ్ హార్బర్ మీద ఒక కుర్రాడు తీసిన ఆరు నిమిషాల వీడియో ఇది. నాలుగు నిమిషాలు మాటలు, రెండు నిమిషాలు మ్యూజిక్ మీద విజువల్స్. మాటల్లో సగం యాంకర్‌వి, సగం ఒక బోటు సరంగువి. ఆ కుర్రాడి కంప్లయింట్ ఏమిటంటే, "అన్నా, మీటర్‌లో అంకె కరెక్ట్‌గానే ఉంది. మా ఇంట్లో టీవీలో పెడితే మాత్రం మా నాన్న రిమోట్ కింద పెట్టడం లేదు."

[స్క్రీన్: టైమ్‌లైన్, పక్కన లౌడ్‌నెస్ మీటర్]

ముందు ఆ అంకె ఏమిటో చూద్దాం. మీటర్ మీద `LUFS` అని కనిపిస్తోంది కదా, మేం లఫ్స్ అంటాం. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆకుపచ్చగా, ఎర్రగా ఎగిరే మామూలు మీటర్ సౌండ్ ఏ క్షణంలో ఎంత ఎత్తుకి లేచిందో చెబుతుంది. లఫ్స్ మీటర్ మన చెవికి అది ఎంత గట్టిగా అనిపిస్తుందో లెక్క కడుతుంది. చెవి బేస్‌ని తక్కువగా పట్టించుకుంటుంది కాబట్టి ఇదీ బేస్‌కి తక్కువ విలువ ఇస్తుంది. అన్నీ మైనస్ అంకెలే ఉంటాయి, సున్నాకి దగ్గరయ్యే కొద్దీ సౌండ్ ఎక్కువ. వీడియో మొత్తానికి కలిపి వచ్చే సగటుని `Integrated` అని చూపిస్తుంది.

ఈ వీడియోకి ఆ సగటు -15.4. యూట్యూబ్ సుమారు -14 దగ్గర గీత పెట్టుకుంటుంది. అంతకంటే గట్టిగా ఉన్నవాటిని ప్లే చేసేటప్పుడు తగ్గిస్తుంది, మెల్లగా ఉన్నవాటిని అలాగే వదిలేస్తుంది. యాపిల్ పాడ్‌కాస్ట్స్ అడిగేది -16, ఒకటి అటూ ఇటూ. కాబట్టి -15.4 అంటే ఎవరైనా బాగానే ఉందనే అనుకుంటారు.

ఇప్పుడు వాయిస్ ట్రాక్ ఒక్కటే సోలో చేసి, మాటలున్న చోట్ల మాత్రమే కొలుద్దాం. యాంకర్ గొంతు -19. సరంగు గొంతు -24. అదే మ్యూజిక్ మీద విజువల్స్ వచ్చే చోట -12. అంటే సరంగు మాట్లాడటం ఆపి, వలలు లాగే షాట్లు మొదలవగానే సౌండ్ ఒక్కసారిగా పన్నెండు యూనిట్లు, అంటే పన్నెండు డీబీ లేస్తోంది. వాళ్ల నాన్నగారి చేతిలో రిమోట్ అందుకే ఉంది.

మరి సగటు ఎందుకు బాగుంది? రెండు కారణాలు. మొదటిది, ఈ సగటు మామూలు సగటు కాదు, శక్తి మీద కడతారు. పది డీబీ ఎక్కువుంటే పది రెట్లు శక్తి, కాబట్టి రెండు నిమిషాల మ్యూజిక్ నాలుగు నిమిషాల మాటల్ని మింగేస్తుంది. రెండోది చాలామందికి తెలియదు. మీటర్‌లో గేట్ అని ఒకటి ఉంటుంది. మొత్తం మీద వచ్చిన సగటు కంటే పది యూనిట్లకు మించి కిందున్న ముక్కల్ని అది లెక్కలోకే తీసుకోదు. నిశ్శబ్దాలు సగటుని కిందకి లాగకూడదని పెట్టిన ఏర్పాటు అది. ఇక్కడ సగటు -15 ప్రాంతంలో ఉంది కాబట్టి గేట్ -25 దాకా వచ్చి కూర్చుంది. సరంగు గొంతు -24 చుట్టూ ఆడుతోంది, గొంతు కాస్త తగ్గించిన చోటల్లా -25 కిందకి పోయింది. ఆయన మాటల్లో కొన్నిటిని మీటర్ అసలు లెక్కే పెట్టలేదన్నమాట.

అందుకే నేను ఎప్పుడూ చెప్పేది, వీడియో మొత్తం సగటుని చివర్లో చూడండి. మొదట గొంతుకి ఒక లెవెల్ పెట్టి, మిగతావన్నీ దానికి సర్దుకోవాలి. నేను గొంతుని -15 దగ్గర పెడతాను.

[స్క్రీన్: వాయిస్ ట్రాక్ మాత్రమే]

క్లిప్ గెయిన్‌తో, అంటే ఒక్కో క్లిప్ వాల్యూమ్‌తో మొదలుపెడదాం. ఎఫెక్టులేమీ వేయకముందే యాంకర్ క్లిప్పుల్ని మూడు డీబీ, సరంగు క్లిప్పుల్ని ఎనిమిది డీబీ పెంచుతున్నాను. ఇద్దరూ -16 దగ్గరికి వచ్చారు. ఈ పని గట్టి శబ్దాల్ని నొక్కే కంప్రెసర్‌తో చేయొచ్చు కదా అని అడుగుతారు. అప్పుడు కంప్రెసర్ యాంకర్ గొంతుని బాగా నొక్కి, సరంగు గొంతుని ముట్టుకోదు. ఇద్దరూ వేరువేరు గదుల్లో ఉన్నట్టు వినిపిస్తుంది. ముందు సమానం చేసి, తర్వాత నొక్కాలి.

ఒక చిన్న మాట. కాలర్ మైక్ సౌండ్ ఎడమ చెవిలోనే వస్తోందేమో చూసుకోండి. అలా ఉంటే ముందు రెండు వైపులా వచ్చేలా మార్చి, ఆ తర్వాతే కొలవండి. ఒక వైపు ఉన్నదాన్ని అలాగే రెండో వైపు కూడా పెడితే మీటర్ మూడు యూనిట్లు ఎక్కువ చూపిస్తుంది. కొలిచాక మారిస్తే మీ లెక్కంతా పోతుంది.

సరంగు గొంతుని ఎనిమిది డీబీ పెంచాం, వెనకున్న ఇంజన్ మోత కూడా ఎనిమిది డీబీ లేచింది. వినండి.

[సౌండ్: సరంగు క్లిప్, వెనక బోటు ఇంజన్]

ఆ డుగు డుగు అంతా కింది ఫ్రీక్వెన్సీల్లో ఉంది. కింది ఫ్రీక్వెన్సీల్ని కోసే హై పాస్ ఫిల్టర్ 100 హెర్ట్జ్ దగ్గర పెడితే చాలా వరకు పోతుంది, మగ గొంతు పల్చబడదు. మిగిలిన మోతని నాయిస్ రిడక్షన్‌తో పూర్తిగా తుడిచేయాలని చూడకండి, మాటలు నీళ్లలో నుంచి వచ్చినట్టు అయిపోతాయి. కొద్దిగా తగ్గించి ఆపేయండి. అసలు ఇబ్బంది మోత ఉండటం కాదు, కట్ పడ్డ ప్రతిచోటా అది వస్తూ పోతూ ఉండటం. హార్బర్‌లో ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం రికార్డు చేసిన సౌండ్ ఉంటే, దాన్ని యాంకర్ మాటల కింద కూడా సన్నగా పరిచేయండి. కాకులు, అలలు, దూరంగా వేలంపాట, ఏదైనా సరే. అప్పుడు ఇంజన్ మోత ఆ చోటుకి సంబంధించినదే అనిపిస్తుంది, కట్ తెలియదు.

ఇప్పుడు కంప్రెసర్. రేషియో 3కి 1, అంటే త్రెషోల్డ్ అనే గీత దాటిన ప్రతి మూడు డీబీకీ ఒక్కటే బయటికి వస్తుంది. గట్టిగా మాట్లాడినప్పుడు నాలుగైదు డీబీ తగ్గేలా, మెల్లగా మాట్లాడినప్పుడు అసలు పని చేయనట్టుగా త్రెషోల్డ్ పెట్టుకోండి. తర్వాత, నొక్కడం వల్ల తగ్గిన సౌండ్‌ని మళ్లీ లేపే మేకప్ గెయిన్ పెంచుతూ గొంతు -15 దగ్గరికి తెచ్చి ఆపండి. మాటకీ మాటకీ మధ్య ఊపిరి పీల్చిన శబ్దం మాట అంత గట్టిగా వినిపిస్తోందంటే ఎక్కువ నొక్కేశారని అర్థం.

[స్క్రీన్: మ్యూజిక్ ట్రాక్]

మ్యూజిక్‌కి వద్దాం. మాటల కింద నడిచే మ్యూజిక్‌ని గొంతు కంటే సుమారు ఇరవై కింద పెడతాను, అంటే -35 దగ్గర. అంత తక్కువా అని ఆశ్చర్యపోకండి. వెబ్‌లో అందరికీ అందుబాటు కోసం రాసిన డబ్ల్యూక్యాగ్ ప్రమాణాల్లో కూడా, మాట కంటే వెనక సౌండ్ కనీసం ఇరవై డీబీ తక్కువ ఉండాలనే ఉంది. వినికిడి తక్కువున్న పెద్దవాళ్లకి ఈ తేడానే దిక్కు.

అయితే ఇరవై అనేది అన్ని వాయిద్యాలకీ ఒకేలా పనిచేయదు. ఈ వీడియోలో కుర్రాడు రెండు ముక్కలు వాడాడు, ఒకటి తప్పెటగుళ్ల దరువు, ఒకటి సన్నాయి. తప్పెట దెబ్బ చాలా చిన్నది, వెంటనే ఆగిపోతుంది. కాబట్టి పీక్ మీటర్‌లో ఎత్తుగా లేచినా లఫ్స్‌లో తక్కువే చూపిస్తుంది, మాటల మధ్య సందుల్లో దూరిపోతుంది. సన్నాయి అలా కాదు. అది ఆగకుండా సాగుతుంది, పైగా మాటలోని అక్షరాలు స్పష్టంగా వినపడే చోటే, రెండు నుంచి నాలుగు వేల హెర్ట్జ్ మధ్య, అది కూడా బలంగా ఉంటుంది. ఇరవై కింద పెట్టినా పొడుచుకుని వస్తుంది. ఆ బ్యాండ్‌లో సన్నాయిని ఒక మూడు డీబీ తగ్గించాను, అయినా సరిపోలేదు. నన్నడిగితే మాటల కింద సన్నాయి తీసేసి దరువు ఒక్కటే ఉంచమంటాను. సన్నాయిని విజువల్స్‌కి దాచుకోండి.

ఆ విజువల్స్ దగ్గర మ్యూజిక్‌ని -16కి తెస్తున్నాను, గొంతు కంటే ఒకటి తక్కువ. మాట అయ్యాక అర సెకను తీసుకుని మెల్లగా లేవాలి, మాట మొదలవడానికి అర సెకను ముందే దిగిపోవాలి. మొదటి అక్షరం మీద దిగితే ఆ మాట పోతుంది.

చివర్లో అన్ని ట్రాకులూ కలిసే మాస్టర్ మీద, సౌండ్‌ని ఒక గీత దాటనివ్వని లిమిటర్ పెట్టి, ట్రూ పీక్, అంటే సౌండ్ లేచే అసలు శిఖరం -1 దాటకుండా చూడండి. ఎక్స్‌పోర్ట్‌లోనూ, అప్‌లోడ్ అయ్యాక మళ్లీ కంప్రెస్ అయ్యేటప్పుడూ శిఖరాలు కాస్త పెరుగుతాయి. సున్నా దాకా నింపేస్తే అవి చిట్లుతాయి, ముందు తెలిసేది తప్పెట దెబ్బల్లోనే. ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైల్‌ని కొలవడానికి ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే టూల్ ఉన్నవాళ్లు టెర్మినల్‌లో ఇది కొట్టండి.

```
ffmpeg -i harbour.mp4 -vn -af ebur128=peak=true -f null -
```

చివర్లో `Summary` కింద `I` పక్కనున్నది మొత్తం సగటు, `Peak` అన్నది ట్రూ పీక్. మనకి -15.3 వచ్చింది. నవ్వొస్తోంది కదా, మొదట వచ్చింది -15.4. అంకె కదల్లేదు, సరంగు గొంతు మాత్రం తొమ్మిది డీబీ పైకొచ్చింది.

-14 చేద్దామా అంటే నేను చేయను. ఆ ఒకటి పైచిలుకు కోసం లిమిటర్‌ని ఇంకా నొక్కితే మోత తప్ప లాభం లేదు, యూట్యూబ్‌లో ఆ తేడా పెద్దగా తెలియదు. ఇదే ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లో పెట్టి టీవీకి గుచ్చినా, అక్కడ సరిచేసేవాళ్లెవరూ లేకపోయినా, మాటకీ మ్యూజిక్‌కీ ఉన్న ఒక్క యూనిట్ తేడా అలాగే ఉంటుంది. యూట్యూబ్ సెట్టింగుల్లో హెచ్చుతగ్గుల్ని సమం చేసే `Stable volume` అని ఉంది కదా అంటారేమో. చూసేవాళ్లు దాన్ని ఆన్‌లో ఉంచుతారో లేదో మన చేతిలో లేదు.

స్పీకర్ల దగ్గర రెండు పరీక్షలు చేయండి. ఫోన్ స్పీకర్‌లో వాల్యూమ్ సగం పెట్టి, మద్దిలపాలెం జంక్షన్ లాంటి రద్దీ చోట నిలబడి వినండి. సరంగు మాట ఒక్కటి కూడా జారకూడదు. ఫోన్‌లో బేస్ దాదాపు రాదు కాబట్టి అక్కడ మ్యూజిక్ ఉన్నట్టే అనిపించకపోయినా కంగారుపడి పెంచకండి. రెండోది ఇంట్లో టీవీకి హోమ్ థియేటర్ ఉంటే, మొదటి మాటకి వాల్యూమ్ పెట్టి రిమోట్ పక్కన పడేసి ఆరు నిమిషాలూ చూడండి. అక్కడ దరువులో బేస్ గోడలు అదిరేలా వస్తే, మ్యూజిక్‌లో 60 హెర్ట్జ్ కింద కొద్దిగా కోయండి. ఫోన్‌లో దానివల్ల పోయేదేమీ లేదు.

[స్క్రీన్: యూట్యూబ్, కంప్యూటర్ బ్రౌజర్‌లో]

ఇక అప్‌లోడ్. అన్‌లిస్టెడ్‌గా పెట్టి, కంప్యూటర్‌లో వీడియో మీద రైట్ క్లిక్ చేసి `Stats for nerds` నొక్కండి. `Volume / Normalized` వరుసలో `content loudness` ఉంటుంది. అక్కడ 4 డీబీ అని ఉంటే మీ వీడియో యూట్యూబ్ గీత కంటే అంత పైన ఉందని, పక్కన కనిపించే 63 శాతానికి తగ్గించి వినిపిస్తోందని అర్థం. మనది మైనస్ ఒకటిన్నర లోపే రావాలి, శాతం వందే ఉండాలి. మైనస్ ఐదో ఆరో వస్తే ఎక్స్‌పోర్ట్‌లో ఏదో ట్రాక్ మ్యూట్ అయిపోయిందేమో చూసుకుని, మళ్లీ ఎక్కించండి.