భుజంలో కాల్షియం: సూదితో కడగాలా, కొన్నాళ్లు ఆగాలా?

(స్టూడియో చర్చ పూర్తి పాఠం. పాల్గొన్నవారు: ఒక రేడియాలజిస్ట్, ఒక ఆర్థోపెడిక్ సర్జన్, ఒక ఫిజియోథెరపిస్ట్.)

యాంకర్: నమస్కారం. భుజంలో కాల్షియం పేరుకుంటే సూదితో కడిగేస్తామని వీడియోలు తెగ తిరుగుతున్నాయి. ఇంకోవైపు, ఉత్తుత్తి కడగడానికీ అసలు కడగడానికీ నాలుగు నెలల తర్వాత తేడా ఏమీ లేదని 2023లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం వచ్చింది. రేడియాలజిస్ట్ గారూ, సూటిగా అడుగుతున్నా. ఇది వైద్యమా, వ్యాపారమా?

రేడియాలజిస్ట్: వ్యాపారం సంగతి తర్వాత చూద్దాం. ముందు మనిషి బాధ చూడండి. ఆ ఎక్స్‌రే వేయండి. (తెర మీద ఎక్స్‌రే) ఈమె టీచర్, 46 ఏళ్లు. ఎప్పటినుంచో బోర్డు మీద రాస్తుంటే భుజం కాస్త లాగేది, అంతే. ఉన్నట్టుండి ఒక రాత్రి నొప్పి మొదలై, రెండు రోజులు నిద్ర లేదు. మా దగ్గరికి చేతిని ఇంకో చేత్తో పట్టుకుని వచ్చారు. ఎముక తల పైన ఆ తెల్లటి మచ్చ కనిపిస్తోందా? భుజం పైనుండే సుప్రాస్పైనేటస్ కండరాన్ని ఎముకకు కలిపే టెండన్‌లో పేరుకున్న కాల్షియం అది. దాని అంచు చూడండి, మబ్బులా చెదిరిపోయి ఉంది. గట్టిగా, గీత గీసినట్టు ఉంటే అది వేరే కథ. ఎక్స్‌రేలో కనిపించే తీరును బట్టి రకాలు చెప్పే గార్ట్‌నర్ వర్గీకరణలో గట్టిది మొదటి రకం, ఈ మబ్బుది మూడోది, రెండోది ఆ రెంటికీ మధ్య...

సర్జన్: ఒక్క నిమిషం, ఆ మబ్బు అంటే ఏమిటో కూడా చెప్పండి. అసలు విషయం అక్కడే ఉంది.

రేడియాలజిస్ట్: చెబుతాను, చెప్పనివ్వండి! ముందు టెండన్‌లో కొంత భాగం మృదులాస్థిలా మారుతుంది. అందులో కాల్షియం చేరుతుంది. అలా నెలలు, ఏళ్లు కూడా కదలకుండా ఉండిపోవచ్చు. ఆ తర్వాత శరీరమే రక్తనాళాలను, కణాలను పంపి దాన్ని కరిగించడం మొదలుపెడుతుంది. నొప్పి భరించలేనంతగా ఉండేది ఆ దశలోనే. లోపల ఒత్తిడి పెరుగుతుంది, కాల్షియం పక్కనే, టెండన్‌కి రాపిడి తగలకుండా ఉండే బర్సా సంచిలోకి కారుతుంది. అప్పుడది టూత్‌పేస్ట్‌లా మెత్తగా ఉంటుంది. సూదితో లాగితే వచ్చేస్తుంది.

సర్జన్: అదే నేనూ అంటున్నది! సూదికి తేలిగ్గా దొరికే కాల్షియం ఏది? శరీరం తనంతట తానే తీసేస్తున్నది. ఆ టీచర్‌కి నొప్పి మాత్రలు, కొన్నాళ్లు చేతికి విశ్రాంతి, అవసరమైతే బర్సాలో ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చి ఆగినా...

రేడియాలజిస్ట్: ఆగమని ఆమెతో మీరే చెప్పండి! రెండు రాత్రులు కూర్చునే గడిపిన మనిషి!

యాంకర్: అంటే సార్, దానంతట అదే పోయేదానికి డబ్బు తీసుకుంటున్నట్టేనా?

రేడియాలజిస్ట్: కాదండీ. ఏం చేస్తామో వినండి. పడుకోబెట్టి అల్ట్రాసౌండ్‌లో చూస్తూ చర్మానికీ బర్సాకీ లిగ్నోకెయిన్‌తో మత్తు ఇస్తాం. 18 గేజ్ సూది సరిగ్గా కాల్షియం మధ్యలోకి వెళ్లాలి. సిరంజితో కొద్దిగా సెలైన్ నెట్టి, బొటనవేలు వదిలేస్తాం. ఆ ఒత్తిడికి సెలైన్ పాలలా తెల్లగా వెనక్కి వస్తుంది. తేటగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ అదే చేస్తాం. ఇక్కడ తప్పెక్కడ జరుగుతుందంటే, అనుభవం లేనివాళ్లు ఆ కాల్షియం ముద్ద గోడకు నాలుగైదు చోట్ల గుచ్చేస్తారు. నీళ్లన్నీ పక్కలకు కారిపోతాయి, వెనక్కి ఏమీ రాదు. చివర్లో స్టెరాయిడ్ ఇచ్చేది బర్సాలో, టెండన్‌లో కాదు. ఇదంతా అరగంట పని.

సర్జన్: గట్టి రకమైతే?

రేడియాలజిస్ట్: కొన్నిసార్లు ఏమీ రాదు. అప్పుడు సూదితో కాల్షియాన్ని పలుచోట్ల పొడిచి వదిలేస్తాం. శరీరం దాన్ని కరిగించడం మొదలుపెడుతుందన్న ఆశతో చేసే పని అది.

ఫిజియోథెరపిస్ట్: నేనొక మాట చెప్పాలి. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది దీన్ని ఫ్రోజెన్ షోల్డర్ అనుకుని నెలల తరబడి చేతిని బలవంతంగా లాగించుకుని వస్తారు. ఫ్రోజెన్ షోల్డర్‌లో మనం పట్టుకుని కదిపినా చెయ్యి బయటికి తిరగదు. ఇందులో నొప్పి కాస్త తగ్గాక కదిపితే మామూలుగా తిరుగుతుంది. నొప్పి తీవ్రంగా ఉన్నప్పుడు...

యాంకర్: మేడమ్, ప్రేక్షకులు అడిగేదొకటుంది. కాల్షియం మాత్రలు, పాలు మానేయాలా?

ఫిజియోథెరపిస్ట్: అక్కర్లేదండీ. తిండిలోని కాల్షియం వల్ల వచ్చేది కాదిది. ఎముకలకు డాక్టర్ మాత్రలు రాస్తే దీనికి భయపడి మానకూడదు. నేను చెబుతున్నది, నొప్పి తీవ్రంగా ఉన్నప్పుడు లాగి వ్యాయామాలు...

రేడియాలజిస్ట్: కరెక్ట్, అందుకే ముందు ఒక ఎక్స్‌రే తీయించాలి. మళ్లీ చెబుతున్నా, ఆ మబ్బు కనిపిస్తే...

సర్జన్: మేడమ్‌ని పూర్తి చేయనివ్వండి సార్!

యాంకర్: ఆ అధ్యయనానికి వద్దాం. సూది వ్యాపారం బయటపడింది అందులోనేగా?

సర్జన్: వ్యాపారం అనే మాట నాది కాదు. నార్వే, స్వీడన్ ఆస్పత్రుల్లో 220 మందిని మూడు గుంపులుగా చేశారు. ఒక గుంపుకు కడిగి స్టెరాయిడ్ ఇచ్చారు. రెండో గుంపుకు కడిగినట్టు నటించి స్టెరాయిడ్ ఇచ్చారు. మూడో గుంపుకు నటన మాత్రమే, స్టెరాయిడ్ లేదు. నాలుగు నెలలకు మూడింటికీ పెద్ద తేడా లేదు. స్టెరాయిడ్ అందుకున్నవాళ్లకు మొదటి వారాల్లో ఉపశమనం ఎక్కువ. అంటే త్వరగా పనిచేసింది స్టెరాయిడ్.

రేడియాలజిస్ట్: వాళ్లు తీసుకున్నది కనీసం మూడు నెలలుగా బాధపడుతున్నవాళ్లను! రెండు రోజుల నొప్పితో వచ్చిన నా టీచర్ అందులో ఉందా? లేదు! 2009లో ఇటలీ వాళ్లు పదేళ్లు వెంబడించి చూసి ప్రచురించారు. కడిగించుకున్నవాళ్లు ఏడాది వరకు మెరుగ్గా ఉన్నారు.

సర్జన్: అయిదేళ్లకు, పదేళ్లకు తేడా లేదని కూడా అందులోనే ఉంది. పైగా ఎవరికి కడగాలో వాళ్లు చీటీ వేసి పంచలేదు. కడిగించుకోనన్నవాళ్లే రెండో గుంపు.

రేడియాలజిస్ట్: ఏడాది తక్కువా అండీ? రోజుకు ఆరు పీరియడ్లు చెప్పే మనిషికి ఏడాది తక్కువా?

సర్జన్: నాలుగు నెలలకే తేడా లేదంటుంటే...

యాంకర్: ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే ప్రేక్షకులకు వినిపించదు. సూదికి నష్టాలేమీ లేవా?

సర్జన్: నాలుగైదు రోజులు నొప్పి పెరగొచ్చు. రెండు మూడు నెలలకు మళ్లీ రావచ్చు, సూది పనిచేయలేదని అనుకుంటారు. షుగర్ ఉన్నవాళ్లకు స్టెరాయిడ్‌తో కొన్నాళ్లు షుగర్ పెరుగుతుంది. జ్వరం ఉండి భుజం వేడిగా ఉంటే ముందు చీము లేదని తేల్చుకోవాలి. ఆపరేషన్ అంటారా, ఆరు నెలలు అన్నీ చేసినా తగ్గనివాళ్లకే ఆలోచిస్తాం.

రేడియాలజిస్ట్: అవన్నీ మేమూ చెబుతాం. టీచర్ గారి సంగతి పూర్తి చేయనివ్వండి. కడిగిన రాత్రే ఆమె నిద్రపోయింది. వారం తిరక్కుండానే చెయ్యి తలపైకి వెళ్లింది. ఆరు వారాలకు ఎక్స్‌రేలో మచ్చ దాదాపు లేదు.

సర్జన్: కడగకపోయినా ఆరు వారాలకు అలాగే ఉండేదేమో! ఒక్క మనిషిని చూసి ఎలా తేల్చగలరు? స్టెరాయిడ్ కూడా ఇచ్చారు కదా?

రేడియాలజిస్ట్: ఇచ్చాను! నిద్ర పట్టిందా, లేదా? అది చెప్పండి!

ఫిజియోథెరపిస్ట్: నేను చెప్పబోయిన వ్యాయామాల మాట...

యాంకర్: మేడమ్, సమయం అయిపోయింది, క్షమించాలి. మరి చివరిగా, సార్, రేటు ఎంత తీసుకుంటున్నారో...

రేడియాలజిస్ట్: రేటు కాదండీ, ఎక్స్‌రే అడగండి! అంచు చెదిరి ఉందా, గీత గీసినట్టు ఉందా? చెదిరి ఉండి నొప్పికి నిద్ర లేకపోతే కడిగించుకోండి. నేను ఎన్నిసార్లయినా...

(ప్రసారం ఇక్కడ ముగిసింది.)