ధర్మ సంస్థకు మార్చి 31 తర్వాత మిగిలే పని

శ్రోతలకు నమస్కారం.

ధార్మిక ట్రస్టుల ఆదాయానికి పన్ను ఉండదని చాలామంది అనుకుంటారు. అది సగం మాత్రమే నిజం. ఆదాయపు పన్ను చట్టం ట్రస్టుకు మినహాయింపు ఇస్తుంది గాని, దాన్ని ఏటా కొత్తగా నిలబెట్టుకోమంటుంది. ట్రస్టుకు 1961 నాటి చట్టంలోని సెక్షన్ 12ఎబి కింద నమోదు ఉండాలి. ఆ నమోదు సాధారణంగా ఐదేళ్లకు, చిన్న ట్రస్టులకు ఇటీవలి సవరణ తర్వాత పదేళ్లకు ఇస్తున్నారు. గడువు తీరడానికి ఆరు నెలల ముందే పొడిగింపుకు దరఖాస్తు చేయాలి. నమోదు సంగతి ఇంతటితో వదిలేస్తాను. నమోదు పత్రం గోడకు పటం కట్టి ఉన్నా మినహాయింపు చేజారే చోటు మరొకటి ఉంది, ఈ పూట దాని గురించే మాట్లాడతాను.

నేను చెప్పేది 1961 నాటి చట్టం ప్రకారం జరిగిన ఒక ట్రస్టు లెక్క. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలులోకి వచ్చింది కాబట్టి, ఆ తేదీ తర్వాతి ఆదాయానికి సెక్షన్ల, ఫారాల సంఖ్యలను కొత్తగా సరిచూసుకోవాలి. నూటికి ఎనభై అయిదు వంతుల సూత్రం మాత్రం కొత్త చట్టంలోనూ ఉంది.

ఆ సూత్రం ఇది. ట్రస్టుకు ఒక ఏడాదిలో వచ్చిన ఆదాయంలో కనీసం 85 శాతాన్ని ఆ ఏడాదిలోనే, తన ఆశయాల కోసం, మన దేశంలో వినియోగించాలి. మిగిలిన 15 శాతాన్ని కారణం చెప్పకుండానే దాచుకోవచ్చు. వినియోగం అనే ఆ ఒక్క మాటలోనే చిక్కంతా ఉంది.

నాకు తెలిసిన ఒక ట్రస్టు ఉంది. ఒక పఠన మందిరాన్ని నడుపుతూ, పేద విద్యార్థుల కళాశాల ఫీజులు కడుతుంది. దాని కార్యదర్శి పదవీ విరమణ చేసిన ప్రధానోపాధ్యాయుడు. ఆయన్ను అందరిలాగే నేనూ మాస్టారనే పిలుస్తాను. ఆయన మే నెలలో లెక్కల పుస్తకాలు తీసుకుని నా దగ్గరకు వచ్చి, ఈసారి మనకు దిగులు లేదండీ, దాటవలసిన గీత దాటేశాం అన్నారు. ఆయన సంతోషానికి కారణం ఉంది. అద్దెలు, బ్యాంకు వడ్డీ, మామూలు విరాళాలు కలిపి ఆ ఏడాది ఆదాయం 60 లక్షల రూపాయలు. దానిలో 85 శాతం 51 లక్షలు. పుస్తకంలో ఖర్చు 52 లక్షలు కనిపిస్తోంది. దాతలు శాశ్వత మూలనిధికి అని రాసిచ్చిన 5 లక్షలను ఆయన ఈ 60 లక్షలలో కలపలేదు, వేరే డిపాజిట్‌గా ఉంచారు. అది సరైన పని. మూలనిధి విరాళం అనడానికి దాత రాతపూర్వకంగా చెప్పడం, ఆ సొమ్మును చట్టం అనుమతించిన డిపాజిట్లలో విడిగా, ఇది మూలనిధి అని తెలిసేటట్టు ఉంచడం, రెండూ కావాలి.

కాబట్టి 51 లక్షలు చేయవలసిన చోట 52 లక్షలు చేశాం. పైకి చూస్తే లెక్క ముగిసింది. నేను వోచర్లు తిరగేయడం మొదలుపెట్టాను.

మొదట కంప్యూటర్లు, బీరువాలు కొన్న బిల్లులు కనిపించాయి. ఆస్తి కొనుగోలు కూడా వినియోగమేనా అని మాస్టారు అడిగారు. ఆశయానికి పనికివచ్చే ఆస్తి అయితే కొన్న సొమ్మంతా వినియోగంగానే లెక్కకు వస్తుంది. అలా ఒకసారి లెక్కించాక, అదే ఆస్తిపై తరుగుదలను మళ్లీ ఖర్చుగా చూపడానికి వీలు లేదు. ఇక్కడ పేచీ ఏమీ లేదు.

పేచీ తర్వాతి పేజీలో వచ్చింది. మార్చి 31వ తేదీన విద్యార్థుల ఫీజులు చెల్లించవలసినవి అని 6 లక్షల రూపాయలు ఖర్చు రాసి ఉంది. చెక్కులు ఎప్పుడిచ్చారు మాస్టారూ అని అడిగాను. ఏప్రిల్ రెండో వారంలో కళాశాలలకు పంపించామండీ, కాని జాబితా మార్చిలోనే ఖరారైంది, కమిటీ ఆమోదించింది, మినిట్స్ పుస్తకంలో ఉంది అన్నారు. ఆయన చెప్పినదంతా నిజమే. పుస్తకాలు రాసే పద్ధతి ప్రకారం ఆ ఖర్చు ఆ ఏడాదిదే. ఐతే 2022 ఫైనాన్స్ చట్టం ద్వారా వచ్చిన వివరణ ప్రకారం, బాధ్యత ఏ ఏడాదిలో ఏర్పడినా, సొమ్ము నిజంగా చెల్లించిన ఏడాదిలోనే అది వినియోగంగా లెక్కకు వస్తుంది. రాసుకున్నది వినియోగం కాదు, చెల్లించినది వినియోగం. ఆ 6 లక్షలు పోయాయి.

రెండోది ఒక మంచి పనికి సంబంధించినది. మరో నమోదిత ట్రస్టుకు 4 లక్షల విరాళం ఇచ్చారు. ఒకప్పుడు అది మొత్తం వినియోగంగా లెక్కకు వచ్చేది. 2023 సవరణ తర్వాత, ఒక ట్రస్టు మరొక ట్రస్టుకు ఇచ్చిన విరాళంలో 85 శాతమే వినియోగం. అంటే 3 లక్షల 40 వేలు మాత్రమే. 60 వేలు తగ్గింది. ఆదాయం ఒక ట్రస్టు నుంచి మరో ట్రస్టుకు చేతులు మారుతూ, ప్రతిచోటా 15 శాతం దాచుకుంటూ పోయే దారిని మూయడానికి ఈ నియమం తెచ్చారు. అది నాకు సబబుగానే తోస్తుంది గాని, సదుద్దేశంతో ఇచ్చిన చిన్న సంస్థకు కొంత కష్టంగానే ఉంటుంది.

మూడోది పఠన మందిరానికి రంగులు వేసిన కాంట్రాక్టరు బిల్లు. 90 వేల రూపాయలు, ఒకే రోజు, నగదుగా ఇచ్చారు. ఒక వ్యక్తికి ఒకే రోజున 10 వేల రూపాయలకు మించి నగదుగా చెల్లిస్తే, ఆ ఖర్చు వ్యాపారాలకు లెక్కకు రానట్టే ట్రస్టులకూ వినియోగంగా రాదు. రసీదు ఉంది, సంతకం ఉంది, గోడలకు రంగు కూడా ఉంది. వినియోగం మాత్రం లేదు. మూలంలో పన్ను కోత, అంటే టిడిఎస్, కోయవలసిన చోట కోయకపోయినా ఇలాంటి దెబ్బే తగులుతుంది. అక్కడ ఖర్చులో 30 శాతం లెక్కకు రాదు.

ఇప్పుడు లెక్క వేద్దాం. 52 లక్షల నుంచి 6 లక్షలు, 60 వేలు, 90 వేలు, మొత్తం ఏడున్నర లక్షలు తీసేస్తే 44 లక్షల 50 వేలు మిగిలింది. కావలసినది 51 లక్షలు. లోటు ఆరున్నర లక్షలు. మాస్టారు కొంతసేపు కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకుని ఊరుకున్నారు. మొత్తం 60 లక్షలకూ పన్ను కట్టాలా అని అడిగారు. అక్కరలేదు. లోటు పడినంతకే సమస్య. దానికి కూడా రెండు దారులు ఉన్నాయి. రెండింటికీ తేదీలు ఉన్నాయి.

మొదటి దారి ఫారం 9ఎ. ఈ ఏటి ఆదాయంలో కొంత భాగాన్ని ఫలానా కారణం వల్ల ఇప్పుడు వినియోగించలేకపోయాం, వచ్చే ఏడాదిలో వినియోగిస్తాం, దాన్ని ఈ ఏటి వినియోగంగానే భావించండి అని కోరడం దీని సారాంశం. ఏప్రిల్‌లో ఫీజులు కట్టిన 6 లక్షలకు ఇది అతికినట్టు సరిపోయింది. ఆ సొమ్మును మరుసటి ఏడాది వినియోగంలో మళ్లీ చూపకూడదు. ఒకే ఖర్చును రెండేళ్లలో లెక్కించడం చాలా చోట్ల తెలియక జరిగే తప్పు. అందుకే పుస్తకంలో ఏప్రిల్ చెక్కుల పక్కన ఎర్ర సిరాతో గత ఏడాదికి చెందినది అని రాయించాను.

రెండో దారి ఫారం 10. మిగిలిన 50 వేలను పఠన మందిరంలో కొత్త గదికి పుస్తకాల అరలు చేయించడానికి పోగుచేస్తామని ట్రస్టీలు తీర్మానం చేశారు. ఉద్దేశం స్పష్టంగా ఉండాలి. ట్రస్టు దస్తావేజులోని ఆశయాలన్నింటినీ ఫారంలోకి ఎత్తి రాస్తే, దాన్ని నిర్దిష్టమైన ఉద్దేశం కాదని అధికారి అడ్డు చెప్పవచ్చు. పోగుచేసిన సొమ్మును చట్టం అనుమతించిన డిపాజిట్లలోనే ఉంచాలి. షెడ్యూల్డు బ్యాంకు డిపాజిట్ అందుకు చాలు. గడువు గరిష్ఠంగా ఐదేళ్లు. ఐదో ఏడాది ముగిసేలోగా ఆ ఉద్దేశానికి ఖర్చు కాకపోతే, మిగిలినది ఆ ఐదో ఏడాదిలోనే ఆదాయంగా మారి 30 శాతం పన్నుకు లోబడుతుంది. పోగుచేసిన ఈ సొమ్మును మరో ట్రస్టుకు విరాళంగా ఇవ్వడమూ కుదరదు.

ఇక తేదీలు. శ్రోతలు కాగితం, కలం దగ్గర పెట్టుకుంటే మంచిది. ఆదాయం, మినహాయింపుకు ముందు, పన్ను లేని పరిమితిని దాటితే ఆడిట్ తప్పనిసరి. అలాంటి ట్రస్టు రిటర్ను, అంటే ఐటిఆర్-7, అక్టోబర్ 31లోగా వేయాలి. ఆడిట్ నివేదికను దానికి ఒక నెల ముందు, సెప్టెంబర్ 30లోగా ఇవ్వాలి. మాస్టారి ట్రస్టుకు విదేశీ విరాళాలు లేవు, ఆదాయం 5 కోట్లకు తక్కువ, కాబట్టి ఫారం 10బిబి సరిపోతుంది. లేకపోతే ఫారం 10బి కావాలి. ఈ రెండింటి మధ్య పొరపడి తప్పు ఫారం వేసి, తర్వాత నోటీసులకు జవాబులు రాస్తూ కూర్చున్న ట్రస్టులు నాకు తెలుసు.

ఫారం 9ఎ, ఫారం 10లకు నియమం ప్రకారం గడువు రిటర్ను తేదీకి రెండు నెలల ముందు, అంటే ఆగస్టు 31. రిటర్ను గడువులోపు వేస్తే చాలు, తిరస్కరించవద్దని 2023లో కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ ద్వారా వెసులుబాటు ఇచ్చింది. నా సలహా మాత్రం ఆగస్టు 31నే గుర్తుంచుకోండి. వెసులుబాటు ఉందని తెలిసిన మనిషి దాన్నే గడువుగా చేసుకుంటాడు, అక్టోబర్ చివరి వారంలో వెబ్‌సైటు సతాయిస్తుంది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది, దీన్ని రెండుసార్లు చెబుతాను. రిటర్ను అక్టోబర్ 31 దాటి, ఆలస్యంగా డిసెంబర్ 31లోగా వేసినా, ట్రస్టు మామూలు మినహాయింపు నిలుస్తుంది. ఫారం 10 కింద పోగుచేసుకునే హక్కు మాత్రం ఆలస్యపు రిటర్నుతో పోతుంది. మళ్లీ చెబుతున్నాను: ఫారం 10 గడువులోనే వేసినా, రిటర్ను గడువు దాటితే ఆ పోగు చెల్లదు. కొత్త గది కోసం దాచుకునే ట్రస్టుకు రిటర్ను తేదీ, ఫారం తేదీ రెండూ ఒకటే అన్నంత గట్టిగా ఉండాలి.

ఆ ఏడాది మాస్టారు ఆగస్టు 20 నాటికి రెండు ఫారాలూ వేయించారు. రంగుల కాంట్రాక్టరు, పక్క ట్రస్టు లెక్కలు మార్చడానికి వీలు లేదు కాబట్టి అలాగే ఉండిపోయాయి. ఫారం 10తో ఆ లోటు పూడింది. ఆ తర్వాత ట్రస్టు పుస్తకంలో ఖర్చు తేదీ పక్కన చెల్లించిన తేదీ అనే ఇంకొక గడి గీయించుకున్నారు. ఫిబ్రవరి ఆఖరుకు నాకు ఫోను చేసి, ఆ రెండో గడి మొత్తం ఎంత వచ్చిందో చదివి వినిపిస్తారు. ఇంకా ఇవ్వవలసిన ఫీజులు ఉంటే మార్చి 25 లోపల చెక్కులు రాసి, పాస్‌బుక్కులో అవి పాసైన తేదీలు చూసుకున్నాకే లెక్క ముగిస్తారు.

నమస్కారం.