జీతం తక్కువ పడిందా? పేస్లిప్‌లో తేడా ఎక్కడుందో ఇలా పట్టుకోండి

నమస్తే అండి. ఈ రోజు ఒక్క ఉదాహరణ తీసుకుని, దాని లెక్క రూపాయితో సహా తేలుద్దాం.

హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీ ఉద్యోగి అనుకోండి. నెలనెలా ఖాతాలో 33,640 రూపాయలు పడుతున్నాయి. జూన్ జీతం మాత్రం 28,384 పడింది. అంటే 5,256 తక్కువ. పేస్లిప్ తెరిచి కోతలు చూస్తే, మే నెల కన్నా 2,856 మాత్రమే పెరిగాయి. మరి మిగతా 2,400 ఎటు పోయినట్టు? చాలామంది సరిగ్గా ఇక్కడే ఆగిపోయి హెచ్‌ఆర్‌కి ఫోన్ చేస్తారు. చెయ్యొచ్చు, కానీ ఐదు నిమిషాలు ఆగండి.

ముందు మూడు కాగితాలు పక్కపక్కన పెట్టుకోండి. మే పేస్లిప్, జూన్ పేస్లిప్, బ్యాంకు స్టేట్‌మెంట్. బ్యాలెన్స్ ఎంతో చెప్పే మెసేజ్ ఈ పనికి పనికిరాదు. స్టేట్‌మెంటే కావాలి. ఎందుకో చెప్తాను.

మొదట జూన్ పేస్లిప్ కింద Net Pay ఎంత ఉందో చూడండి. ఆ అంకె స్టేట్‌మెంట్‌లో జీతం జమ అయిన వరుసలో కూడా అంతే ఉందా? మన ఉదాహరణలో రెండు చోట్లా 28,384 ఉంది. అంటే కంపెనీ పంపినది పంపినట్టే చేరింది. తేడా పేస్లిప్ లోపలే ఉంది, బ్యాంకు దగ్గర కాదు. ఈ ఒక్క పని ముందు చేస్తే వెతకాల్సిన చోటు సగానికి తగ్గుతుంది.

అదే జమ వరుసలో 28,384 ఉండి బ్యాలెన్స్ మాత్రం తక్కువ కనిపిస్తే, దాని కింది వరుసలు చదవండి. నెల మధ్యలో ఈఎంఐ బౌన్స్ అయి, ఛార్జీ తీసుకోవడానికి అప్పుడు ఖాతాలో డబ్బు లేకపోతే, జీతం పడగానే బ్యాంకు ఆ బాకీ లాగేసుకుంటుంది. ఛార్జీ 500 అనుకుంటే 18 శాతం జీఎస్టీతో 590 పోతుంది. ఇది పేస్లిప్‌లో ఎంత వెతికినా దొరకదు.

సరే, ఇప్పుడు పేస్లిప్‌లోకి వెళ్దాం. అందరి కళ్లూ ముందు కుడివైపు ఉండే కోతల మీదకే పోతాయి. మనం ఎడమవైపు నుంచి, అంటే సంపాదన వైపు నుంచి మొదలుపెడదాం. మే నెలలో బేసిక్ 18,000, ఇంటి అద్దె అలవెన్స్ 7,200, స్పెషల్ అలవెన్స్ 10,800. మొత్తం 36,000. జూన్‌లో బేసిక్ 16,800, అద్దె అలవెన్స్ 6,720, స్పెషల్ అలవెన్స్ 10,080. మొత్తం 33,600. ఇదిగో, మన 2,400 ఇక్కడుంది.

కారణం పేస్లిప్ పైభాగంలోనే ఉంటుంది. Paid Days దగ్గర 28, LOP Days దగ్గర 2 అని రాసి ఉంటుంది. ఎల్‌ఓపీ అంటే జీతం లేని సెలవు. దీన్ని కోతల్లో చూపించరు. అసలు సంపాదించినదే తక్కువ కాబట్టి ప్రతి అలవెన్స్‌నీ 30లో 28 వంతులకు తగ్గించి రాస్తారు. అందుకే కోతలు మాత్రమే కూడుకుంటే లెక్క ఎప్పటికీ తేలదు.

ఇక్కడ ఒక మాట. రోజు జీతం ఎలా కట్టారో కూడా చూసుకోండి. 36,000ని 30తో భాగిస్తే రోజుకు 1,200. అదే 26 పనిరోజులతో భాగించే కంపెనీలో దాదాపు 1,385 అవుతుంది. రెండు రోజులకే 370 రూపాయల తేడా. మీ కంపెనీ ఏ పద్ధతి పాటిస్తుందో పాలసీలో ఉంటుంది. ఒక నెల ఒక పద్ధతి, ఇంకో నెల ఇంకో పద్ధతి వాడితే మాత్రం అడగాల్సిందే.

'జూన్‌లో నేను ఒక్క సెలవు కూడా పెట్టలేదే' అంటారా? హాజరు లెక్క చాలా కంపెనీల్లో ఒకటో తారీకున మొదలవ్వదు. 21 నుంచి వచ్చే నెల 20 దాకా లెక్కేసే చోట, మే 25న పెట్టిన సెలవు జూన్ జీతంలోనే తగులుతుంది. పెట్టిన సెలవుకు మేనేజర్ ఆమోదం ఆ గడువులోపు పడకపోయినా ఎల్‌ఓపీగానే పడుతుంది. తర్వాత ఆమోదించినా ఆ డబ్బు సాధారణంగా వచ్చే నెల పేస్లిప్‌లో అరియర్స్ కింద వస్తుంది. వచ్చిందో లేదో చూసుకోవడం మీ పని.

ఇప్పుడు కుడివైపు. మే నెలలో పీఎఫ్ 2,160, వృత్తి పన్ను 200. జూన్‌లో పీఎఫ్ 2,016, వృత్తి పన్ను 200, ఇవి కాక శాలరీ అడ్వాన్స్ రికవరీ 3,000. మొత్తం 5,216.

పీఎఫ్ తగ్గిందని కంగారు పడకండి. ఈ కంపెనీ పూర్తి బేసిక్ మీద 12 శాతం కడుతోంది. బేసిక్ 16,800కి తగ్గింది కాబట్టి పీఎఫ్ 144 తగ్గింది. మీ పేస్లిప్‌లో బేసిక్ ఎంతున్నా పీఎఫ్ 1,800 దగ్గరే ఆగితే, మీ కంపెనీ 15,000 పరిమితి మీద కడుతోందన్నమాట. అప్పుడు రెండు రోజుల ఎల్‌ఓపీ పడినా, బేసిక్ ఇంకా 15,000 పైనే ఉంటే పీఎఫ్ మారకపోవచ్చు. ఇక వృత్తి పన్ను. తెలంగాణలో నెల జీతం 20,000 దాటితే 200, 15,001 నుంచి 20,000 దాకా 150. మన ఉద్యోగికి రెండు నెలల్లోనూ 200 సరైనదే.

ఇప్పుడు అన్నీ కలుపుదాం. సంపాదన తగ్గింది 2,400. అడ్వాన్స్ కోత 3,000. రెండూ కలిపితే 5,400. అందులో పీఎఫ్ తగ్గి మనకు మిగిలిన 144 తీసేస్తే 5,256. మొదట కనిపించిన తేడా సరిగ్గా ఇదే. ఒక రూపాయి అటూ ఇటూ వస్తే రౌండింగ్ అనుకోండి. అంతకుమించి వస్తే ఏదో ఒక వరుస వదిలేశారు, మళ్లీ చూడండి.

అడ్వాన్స్ వరుస ఉన్నవాళ్లు ఇంకో సంగతి గమనించండి. 9,000 తీసుకుని మూడు వాయిదాలని ఒప్పుకుంటే, నాలుగో నెల కూడా 3,000 కట్ అవుతోందా? పేరోల్‌లో ముగింపు నెల పెట్టడం మర్చిపోతే అలా జరుగుతుంది. తీసుకున్న తేదీ, మొత్తం, ఇప్పటిదాకా కోసినది మీరే ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి.

ఇంతకీ, Net Pay వేరు, బ్యాంకు జమ వేరు అయితే? జమ ఎక్కువ ఉంటే ప్రయాణ ఖర్చుల రీయింబర్స్‌మెంట్ కలిపి వేశారేమో చూడండి. తక్కువ ఉంటే ఫుడ్ కార్డుకు కొంత వెళ్లిందా, రెండో విడతగా ఇంకేమైనా పడాలా, మీరు డౌన్‌లోడ్ చేశాక పేస్లిప్ మార్చారా అన్నవి అడగాలి. అడిగేటప్పుడు 'జీతం తక్కువ పడింది' అని రాస్తే అటూ ఇటూ తిప్పుతారు. 'పేస్లిప్‌లో Net Pay 28,384, ఫలానా తేదీన జమ 27,884, తేడా 500, దీనికి వరుస ఏది?' అని రాసి రెండు కాగితాలూ జత చేయండి.

చివరిగా పీఎఫ్. కోసినంత మాత్రాన కట్టినట్టు కాదు. జూన్ జీతం తాలూకు పీఎఫ్ జూలై 15లోపు జమ కావాలి. ఈపీఎఫ్‌ఓ పాస్‌బుక్ తెరవండి. Due-Month అని ఉన్న చోట జూన్ జీతానికి 07 కనిపిస్తుంది, ఒక నెల ముందుకు ఉందని తికమక పడకండి. ఉద్యోగి వాటా 2,016 ఉండాలి. కంపెనీ వాటా 2,016లో 1,250 పెన్షన్‌కు పోయి, 766 పీఎఫ్ కింద కనిపిస్తుంది. ఈ పెన్షన్ లెక్క మన ఉద్యోగిలా పెన్షన్ స్కీమ్‌లో ఉన్నవాళ్లకు. కంపెనీ వాటాను మీ కోతల వైపు ఇంకో వరుసగా వేస్తే, దాన్ని సీటీసీలో భాగంగా ఎడమవైపు కూడా కలిపారో లేదో చూడండి. ఎడమవైపు కలపకుండా కుడివైపు మాత్రమే కోస్తే, కంపెనీ కట్టాల్సింది మీ జీతంలోంచి కడుతోందని అర్థం. దానికి చట్టం ఒప్పుకోదు.